ప్రీఆర్డర్, ఇన్‌ఆర్డర్ నుంచి ట్రీ కట్టేటప్పుడు కుడివైపు ఎందుకు తప్పుతుంది

ప్రశ్న: బీటెక్ రెండో సంవత్సరం, డేటా స్ట్రక్చర్స్ పరీక్ష దగ్గరపడింది. ప్రీఆర్డర్, ఇన్‌ఆర్డర్ ఇచ్చి ట్రీ గీయమంటే రూట్ కనుక్కోగలను, ఎడమవైపు కొంతవరకు వస్తుంది, కుడివైపుకి వెళ్లేసరికి ఏదో ఒక అక్షరం తప్పు చోట పడుతోంది. ఒకటే చైల్డ్ ఉన్న నోడ్ దగ్గర అది ఎడమో కుడో అర్థం కాదు. సీలో కోడ్ రాస్తే సెగ్మెంటేషన్ ఫాల్ట్. రాసిన జవాబు సరైనదో కాదో హాల్లోనే చూసుకునే దారి ఉందా?

సమాధానం:

ఎడమవైపు కుదిరి కుడివైపు చెడుతోందంటే మీకు పద్ధతి తెలుసు, లెక్క ఎక్కడి నుంచి మొదలుపెట్టాలన్న చోట జారుతున్నారు. మీ కోడ్ కూలిపోవడానికీ చాలావరకు అదే కారణం అయివుంటుంది. రెండూ ఒకే ఉదాహరణ మీద చూద్దాం.

```
ప్రీఆర్డర్ : A B D G C E H F I
ఇన్‌ఆర్డర్  : B G D A E H C I F
```

ప్రీఆర్డర్ ముందు రూట్ రాస్తుంది, తర్వాత ఎడమ సబ్‌ట్రీ మొత్తం, ఆ తర్వాత కుడి సబ్‌ట్రీ మొత్తం. అందువల్ల మొదటి అక్షరం A రూట్ అని వెంటనే తెలిసిపోతుంది. కానీ మిగిలిన ఎనిమిది అక్షరాల్లో ఎడమది ఎక్కడ ముగిసి కుడిది ఎక్కడ మొదలైందో ప్రీఆర్డర్ చెప్పదు. ఆ గీత ఇన్‌ఆర్డర్‌లో ఉంటుంది. అక్కడ A కి ముందున్నవన్నీ ఎడమ, తర్వాతవన్నీ కుడి.

ఇక్కడ చాలామంది ఒక మెట్టు దాటేస్తారు. ఇన్‌ఆర్డర్ నుంచి B, G, D ఎడమవైపువని తెలుసుకుని, ఆ వరసలోనే పట్టుకుని B తర్వాత G అని గీసేస్తారు. ఇన్‌ఆర్డర్ నుంచి మనం తీసుకోవాల్సింది వరస కాదు, సంఖ్య. A కి ముందు మూడు అక్షరాలున్నాయి, కాబట్టి ఎడమ సబ్‌ట్రీలో మూడు నోడ్లు. ఏ వరసలో చదివినా ఒక సబ్‌ట్రీలోని నోడ్ల సంఖ్య మారదు. అందుకే ప్రీఆర్డర్‌లో A తర్వాత సరిగ్గా మూడు అక్షరాలు లెక్కపెట్టి కోయాలి. B D G ఎడమ ముక్క, మిగిలిన C E H F I కుడి ముక్క.

ఇప్పుడు ఎడమకు ఒక జత వచ్చింది, ప్రీఆర్డర్ ముక్క B D G, ఇన్‌ఆర్డర్ ముక్క B G D. కుడికి ఇంకో జత, C E H F I, E H C I F. ప్రతి జతా దానంతట అదే ఒక చిన్న ప్రశ్న. పాత వరస మొత్తాన్ని ఇక చూడకూడదు. కాగితం మీద వీలైతే పాతదాన్ని చేత్తో కప్పేయండి.

కుడివైపు తప్పేది ఇక్కడే. కుడి జతలో రూట్ C. ఇన్‌ఆర్డర్‌లో C కి ముందు ఎన్ని ఉన్నాయి? పై వరస మొత్తం మీద కన్ను పడితే ఆరు కనబడతాయి. ముక్కలో చూస్తే రెండే, E, H. మనకు కావాల్సింది రెండు. ఎడమవైపు ఈ పొరపాటు వెంటనే బయటపడదు. ఎడమ ముక్క మొత్తం వరస మొదటి అక్షరంతోనే మొదలవుతుంది కాబట్టి ముక్కలో లెక్కపెట్టినా, వరస మొత్తంలో లెక్కపెట్టినా ఒకటే సంఖ్య వస్తుంది. ట్రీలో మొదటిసారి కుడికి తిరిగినప్పుడే ఆ రెండు లెక్కలూ వేరవుతాయి.

సరిగ్గా చేస్తే C దగ్గర ఎడమ ముక్క E H, కుడి ముక్క F I. పరీక్ష కాగితం మీద నేనైతే ప్రతి మెట్టుకీ ఒక వరుస ఇలా రాయమంటాను. గీతకు ఎడమ పక్కన ఎడమ జత, కుడి పక్కన కుడి జత. ప్రతి జతలో ముందు ప్రీఆర్డర్ ముక్క, తర్వాత ఇన్‌ఆర్డర్ ముక్క.

```
A :  BDG / BGD   |  CEHFI / EHCIF
B :  -           |  DG / GD
D :  G / G       |  -
C :  EH / EH     |  FI / IF
E :  -           |  H / H
F :  I / I       |  -
```

ఇలా రాస్తే దిద్దేవాళ్లకు మీరు ఎక్కడ ఎలా కోశారో కనబడుతుంది. బొమ్మ గీసేటప్పుడు చివర్లో ఒక నోడ్ పక్కకు పోయినా, అంతవరకు చేసిన పనికి మార్కులు వేయడానికి వాళ్లకు ఆధారం ఉంటుంది. బొమ్మ ఒక్కటే ఉండి అది తప్పైతే దేనికి వేస్తారు?

ఈ పట్టికలో ఇంకో ఉపయోగం ఉంది. స్లాష్‌కి రెండు పక్కలా ఉన్న ముక్కల్లో అవే అక్షరాలు ఉండాలి, వరస మాత్రమే వేరు. ఏ వరుసలోనైనా ఒక పక్క ఉన్న అక్షరం రెండో పక్క లేకపోతే తప్పు అక్కడే జరిగింది. ఇంకో గీత కూడా గీయకుండా ఆగి, ఆ వరుసనే మళ్లీ లెక్కపెట్టండి. C కి ఆరు లెక్కపెట్టి ఉంటే కోయడానికి అన్ని అక్షరాలే ఉండవు, అప్పుడే తెలుస్తుంది.

ఇక ఒకటే చైల్డ్ సంగతి. B జత చూడండి. ప్రీఆర్డర్ B D G, ఇన్‌ఆర్డర్ B G D. ఇన్‌ఆర్డర్ ముక్కలో B మొట్టమొదటే ఉంది, దాని ముందు ఏమీ లేదు. అంటే ఎడమ సంఖ్య సున్నా, మిగిలిన D, G రెండూ కుడివైపే. రెండు చైల్డ్‌లు ఉన్న నోడ్‌కి ఏ సూత్రమో ఇక్కడా అదే, వేరే సూత్రం ఏమీ లేదు. సున్నా కూడా ఒక లెక్కే అని ఒప్పుకుంటే చాలు. తర్వాత D G, G D. ఇన్‌ఆర్డర్‌లో G ముందుంది కాబట్టి G ఎడమ చైల్డ్. E దగ్గర H తర్వాత వచ్చింది, కాబట్టి కుడి. F దగ్గర I ముందొచ్చింది, కాబట్టి ఎడమ. గీసేటప్పుడు మాత్రం ఒంటరి చైల్డ్‌ని నిట్టనిలువుగా కిందికి వేలాడదీయకండి. గీత ఎడమకో కుడికో స్పష్టంగా వాలాలి. నిలువు గీత చూస్తే దిద్దేవాళ్లకు అది ఎటువైపో తెలియదు, బైనరీ ట్రీలో ఆ తేడాయే జవాబు.

ప్రీఆర్డర్, పోస్ట్‌ఆర్డర్ ఇస్తే ట్రీ ఎందుకు తేలదో కూడా ఇక్కడే అర్థమవుతుంది. ప్రీఆర్డర్ A B, పోస్ట్‌ఆర్డర్ B A అనుకోండి. B ఎడమవైపున్నా ఇవే వస్తాయి, కుడివైపున్నా ఇవే వస్తాయి. ప్రతి నోడ్‌కీ సున్నా లేదా రెండు చైల్డ్‌లే ఉంటాయని ప్రశ్నలో చెబితే తప్ప, ఒంటరి చైల్డ్ ఎటువైపో ఆ రెండు వరసలూ చెప్పలేవు. థియరీ ప్రశ్నగా ఇది అడుగుతుంటారు, ఈ రెండు నోడ్ల ఉదాహరణ జవాబుకు సరిపోతుంది.

ఇప్పుడు కోడ్. మీది ఇక్కడ పెట్టలేదు కాబట్టి నేను రాయించే తీరు చెబుతాను. చాలా నోట్సుల్లో ప్రీఆర్డర్‌కి మొదలు, చివర, ఇన్‌ఆర్డర్‌కి మొదలు, చివర అని నాలుగు ఇండెక్సులు పంపిస్తారు. హాల్లో వాటిలో ఏదో ఒకటి తప్పకుండా ఒకటి అటో ఇటో అవుతుంది. రెండు ముక్కల పొడవూ ఎప్పుడూ ఒకటే కాబట్టి రెండు మొదళ్లు, ఒక పొడవు, మూడు సంఖ్యలు చాలు.

```c
struct node *build(int ps, int is, int n) {
    if (n == 0) return NULL;
    struct node *t = newnode(pre[ps]);
    int k = is;
    while (in[k] != pre[ps]) k++;
    int L = k - is;
    t->left  = build(ps + 1, is, L);
    t->right = build(ps + 1 + L, k + 1, n - 1 - L);
    return t;
}
```

`newnode` అంటే మెమరీ తీసుకుని అక్షరం పెట్టి, రెండు పాయింటర్లకూ `NULL` ఇచ్చే మామూలు ఫంక్షన్. మొదట `build(0, 0, 9)` అని పిలుస్తాం. మొత్తం ఫంక్షన్‌లో ప్రాణం `L = k - is` అన్న లైను. చేత్తో చేసినప్పుడు "ముక్కలోనే లెక్కపెట్టు" అన్నామే, ఆ మాటే ఇది. ఇక్కడ `L = k` అని రాస్తే ఏమవుతుందో చూడండి. A దగ్గర `is` సున్నా, `k` 3, కాబట్టి జవాబు సరిగానే వస్తుంది. B దగ్గర కూడా `is` సున్నాయే, ఇబ్బంది లేదు. D దగ్గరికి వచ్చేసరికి `is` 1, `k` 2. ఎడమ సంఖ్య 1 కావాలి, కానీ 2 అవుతుంది. దాంతో D కింద G తో పాటు ఇంకొకటి కూడా ఉందనుకుని ప్రోగ్రామ్ ప్రీఆర్డర్‌లో తర్వాత అక్షరం C ని లాక్కుంటుంది. C ఈ ముక్కలోదే కాదు, అయినా `while` లూప్ ముక్క హద్దు చూడదు కాబట్టి ముందుకెళ్లి ఎక్కడో C ని పట్టుకుంటుంది. అక్కడి నుంచి E, H, F, I అన్నీ ఎడమకే వెళ్లిపోతాయి. చివరికి అర్రే అయిపోయాక `pre[9]` చదవబోతుంది. అక్కడున్న చెత్త విలువ కోసం `in` లో వెతుక్కుంటూ హద్దు దాటుతుంది. మీరు చూసే సెగ్మెంటేషన్ ఫాల్ట్ చాలావరకు అదే.

మీ అనుమానం తీరాలంటే `L` లెక్కించిన వెంటనే `ps`, `is`, `n`, `L` నాలుగూ ప్రింట్ చేయండి. సరైన ప్రోగ్రామ్‌లో `L` ఎప్పుడూ సున్నాకీ `n - 1` కీ మధ్యే ఉంటుంది. ఆ హద్దు దాటిన మొదటి లైను దగ్గరికి చేరాక అక్కడి నుంచి వెనక్కి ఒకటి రెండు లైన్లు చూస్తే తప్పు దొరుకుతుంది.

కొందరు `ps` ని గ్లోబల్ వేరియబుల్‌గా పెట్టి ప్రతి నోడ్‌కీ ఒకటి పెంచుకుంటూ పోతారు. అదీ పనిచేస్తుంది, కాకపోతే ఎడమ కాల్ ముందు, కుడి కాల్ తర్వాత ఉండి తీరాలి. ఆ రెండు లైన్లూ తారుమారైతే ట్రీ చెడిపోతుంది. పై ఫంక్షన్‌లో అవి ఏ వరసలో ఉన్నా ఫర్వాలేదు, అందుకే నాకు ఇది నచ్చుతుంది.

హాల్లో సరిచూసుకోవడం గురించి అడిగారు. గీసిన ట్రీని మళ్లీ ప్రీఆర్డర్, ఇన్‌ఆర్డర్ చదివి పోల్చడం ఒక దారి, చేయాలి కూడా. అయితే తప్పు చేసిన చేతే, తప్పు చూసిన కన్నే మళ్లీ చదువుతాయి. ముక్కలు కోయకుండా అదే ట్రీని వేరే దారిలో తెచ్చే పద్ధతి ఒకటుంది, చాలామంది వాడరు. ఇన్‌ఆర్డర్‌లో ప్రతి అక్షరానికీ ఎడమ నుంచి వరస సంఖ్య వేయండి. B 1, G 2, D 3, A 4, E 5, H 6, C 7, I 8, F 9. ఇప్పుడు ప్రీఆర్డర్‌ని ఆ సంఖ్యలతో రాయండి.

```
A B D G C E H F I
4 1 3 2 7 5 6 9 8
```

ఈ సంఖ్యలను ఇదే వరసలో ఖాళీ బైనరీ సెర్చ్ ట్రీలోకి ఒక్కొక్కటే చొప్పించండి. 4 రూట్. 1 చిన్నది, ఎడమకు. 3 కూడా 4 కన్నా చిన్నది, 1 కన్నా పెద్దది, కాబట్టి 1 కి కుడి. 2 వెళ్లి 3 కి ఎడమ. 7 వచ్చి 4 కి కుడి, 5 దానికి ఎడమ, 6 ఆ 5 కి కుడి, 9 మళ్లీ 7 కి కుడి, 8 చివరికి 9 కి ఎడమ. అక్షరాలు తిరిగి పెట్టేస్తే మనం కోసి తెచ్చిన ట్రీయే.

ఇది యాదృచ్ఛికం కాదు. ఇన్‌ఆర్డర్ స్థానాలు చూస్తే ఏ నోడ్‌కైనా ఎడమవైపున్న వాటి సంఖ్యలు చిన్నవి, కుడివైపున్న వాటివి పెద్దవి. అంటే ఆ సంఖ్యల లెక్కన మన ట్రీ బైనరీ సెర్చ్ ట్రీయే. ప్రీఆర్డర్‌లో ప్రతి నోడూ తన పేరెంట్ తర్వాతే వస్తుంది కాబట్టి చొప్పించే వేళకు పేరెంట్ అప్పటికే చోట్లో ఉంటుంది. తొమ్మిది పది నోడ్లకు చేత్తో చేయడానికి నిజానికి కోతకన్నా ఇదే వేగం. నేనైతే జవాబులో కోత మెట్లు రాసి, పక్కన పెన్సిల్‌తో ఇది వేసుకోమంటాను. ఒక్క హెచ్చరిక. ప్రశ్నలోనే నోడ్లకు అక్షరాల బదులు సంఖ్యలు ఇస్తే ఆ విలువలను పోల్చకూడదు, స్థానాలనే పోల్చాలి. విలువలు చూసి చిన్నది ఎడమకు, పెద్దది కుడికి అని పెట్టేసి మార్కులు పోగొట్టుకునేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. ఇచ్చిన ఇన్‌ఆర్డర్ చిన్న నుంచి పెద్దకు వరసగా లేదంటే అది బైనరీ సెర్చ్ ట్రీ కాదనే.

గేట్ లాంటి బహుళైచ్ఛిక ప్రశ్నల్లో ట్రీ గీయమనరు, పోస్ట్‌ఆర్డర్ ఏదో ఎంచుకోమంటారు. అక్కడ మొదటి కోత ఒక్కటి చాలాసార్లు సరిపోతుంది. పోస్ట్‌ఆర్డర్‌లో ఎడమ సబ్‌ట్రీ ముందు, కుడిది తర్వాత, రూట్ చివర. మన ఉదాహరణలో ఎడమ మూడు, కుడి ఐదు. కాబట్టి తొమ్మిదో స్థానంలో A, దాని ముందు ఎనిమిదో స్థానంలో కుడి సబ్‌ట్రీ రూట్ C, మూడో స్థానంలో ఎడమ సబ్‌ట్రీ రూట్ B ఉండాలి. ఈ మూడు స్థానాలతోనే ఆప్షన్లు చాలావరకు రాలిపోతాయి. పూర్తి జవాబు G D B H E I F C A.

అప్పుడప్పుడు ప్రశ్నే తప్పుగా పడుతుంది, లేదా "ఇలాంటి ట్రీ ఉంటుందా" అని కావాలనే అడుగుతారు. ఏ రెండు వరసలిచ్చినా ట్రీ ఉండి తీరాలని లేదు. ప్రీఆర్డర్ A B C అని పెట్టుకుని ఇన్‌ఆర్డర్‌కి ఆ మూడు అక్షరాలనూ ఆరు రకాలుగా పేర్చవచ్చు, కానీ మూడు నోడ్ల బైనరీ ట్రీ ఆకారాలు ఐదే. మిగిలిపోయిన ఒక్క వరస C A B. కోసి చూడండి. A కి ముందు C ఒక్కటే ఉంది, కాబట్టి ఎడమ సంఖ్య ఒకటి, ప్రీఆర్డర్‌లో A తర్వాత ఒక అక్షరం కోస్తే B వస్తుంది. ఒక పక్క B, ఇంకో పక్క C. ముందు చెప్పిన అక్షరాల పోలిక ఇక్కడ తప్పింది, ట్రీ లేదు. నాలుగు నోడ్లకు ఇన్‌ఆర్డర్ పేర్పులు 24, ఆకారాలు 14 మాత్రమే. కాబట్టి అచ్చులో రెండు అక్షరాలు అటూ ఇటూ అయినా ట్రీ లేని ప్రశ్న తయారైపోవచ్చు. అలాంటప్పుడు ఏ వరుసలో పోలిక తప్పిందో చూపించి "ఈ వరసలకు ట్రీ లేదు" అని రాయండి, బలవంతంగా ఏదో ఒకటి గీయకండి.

ఇక్కడ చొప్పించే పద్ధతిని ఒంటరిగా నమ్మకూడదు. A 2, B 3, C 1 అని సంఖ్యలు వేసి 2, 3, 1 చొప్పిస్తే అది మారుమాట్లాడకుండా ఒక ట్రీ ఇచ్చేస్తుంది, ఎడమ C, కుడి B. తీరా దాని ప్రీఆర్డర్ చదివితే A C B. ఇచ్చింది A B C. అందుకే ఆ పద్ధతి వాడినప్పుడు ప్రీఆర్డర్ మళ్లీ చదివి తీరాలి. పై సీ ఫంక్షన్ కూడా ఇలాంటి ఇన్‌పుట్‌కి సిద్ధంగా లేదు. పరీక్షలో ఇన్‌పుట్ సరైనదేనని ఒక వాక్యం రాసి వదిలేయొచ్చు. ల్యాబ్‌లో అయితే లూప్‌కి `k < is + n` అన్న హద్దు కలిపి, అది దాటితే "ట్రీ లేదు" అని చెప్పించండి.

విలువలు రెండుసార్లు వస్తే ఈ పద్ధతి మొత్తం నిలవదు. ప్రీఆర్డర్ A A, ఇన్‌ఆర్డర్ A A అంటే రెండో A ఎడమా కావచ్చు, కుడీ కావచ్చు. ఇన్‌ఆర్డర్‌లో ఏ A రూట్ అన్నది తేలదు కాబట్టి సంఖ్య కూడా తేలదు. లీట్‌కోడ్‌లో ఇదే ప్రశ్న 105వ నంబరుతో ఉంది, అక్కడ కూడా విలువలన్నీ వేరువేరని ముందే షరతు పెట్టారు.

టైమ్ కాంప్లెక్సిటీ అడిగితే ఒక్క మాటలో `O(n²)` అని రాసి ఊరుకోకండి, ఏ ట్రీకి అంత అవుతుందో చెప్పండి. పై ఫంక్షన్ ఇన్‌ఆర్డర్ ముక్కను ఎడమ నుంచి వెతుకుతుంది. ట్రీ అంతా కుడికే వాలిపోయి ఉంటే రూట్ ప్రతిసారీ ముక్క మొదట్లోనే దొరుకుతుంది, మొత్తం పని `O(n)`. ఎడమకే వాలిపోయి ఉంటే రూట్ ప్రతిసారీ చివర ఉంటుంది. అప్పుడు `k` మొత్తం `n(n-1)/2` సార్లు ముందుకు జరుగుతుంది, 1000 నోడ్లకు 4,99,500 సార్లు. ఇన్‌ఆర్డర్‌లో ఏ విలువ ఏ స్థానంలో ఉందో ముందే ఒక పట్టికలో పెట్టుకుంటే వెతకడమే ఉండదు, ఏ ఆకారానికైనా `O(n)`. విలువలు ఇంగ్లిష్ పెద్ద అక్షరాలే అయితే 26 గడుల అర్రే చాలు, `pos[in[i] - 'A'] = i` అని ఒక లూప్‌లో నింపేసి, `while` లైను బదులు `k = pos[pre[ps] - 'A']` అని రాయండి. రికర్షన్ లోతు మాత్రం ట్రీ ఎత్తంత ఉంటుంది, పట్టిక పెట్టినా అది తగ్గదు.